గుర్తింపు కార్డు రెండు వైపులూ ఒకే పేజీలో, అసలు కొలతలోనే: ప్రింటులో ముందువైపు చిన్నదిగా, వెనకవైపు పెద్దదిగా ఎందుకు వస్తోంది?

కాగితంపడవ

అందరికీ నమస్కారం. నా గుర్తింపు కార్డు ముందువైపును, వెనకవైపును స్కాన్ చేసి, ఒకే ఏ4 పేజీలో ఒకదాని కింద ఒకటి ఉంచి, పీడీఎఫ్‌గా పంపమని నన్ను అడిగారు. దాన్ని ప్రింటు తీస్తే కార్డు బొమ్మ అసలు కార్డుకు సరిసమానంగా ఉండాలని కూడా స్పష్టంగా చెప్పారు.

స్కానరులో 300 డీపీఐ దగ్గర రెండు వైపులనూ విడివిడిగా స్కాన్ చేశాను. రెండు బొమ్మలనూ వర్డ్‌లోకి తెచ్చి, ఒక్కొక్కదానికి వెడల్పు 85.6 మిల్లీమీటర్లని నేనే టైపు చేశాను. ఎత్తును అదే సర్దుకోనిచ్చాను. పీడీఎఫ్ చేసి ప్రింటు తీసి స్కేలు పెట్టి చూస్తే వెనకవైపు వెడల్పు 83 దాటి కొంచెం, ఎత్తు 52.5 వచ్చాయి. ముందువైపు వెడల్పు 79.5, ఎత్తు 50 మాత్రమే ఉన్నాయి. రెండింటికీ ఒకే అంకె ఇచ్చినప్పుడు రెండూ వేర్వేరు కొలతల్లో రావడం, అందులోనూ ఏ ఒక్కటీ నేను ఇచ్చిన కొలతలో లేకపోవడం నాకు అంతుపట్టడం లేదు. స్కానరు పాడైందా, ప్రింటరు పాడైందా అని కూడా అనుమానంగా ఉంది. కావాలంటే స్కాన్‌లను ఇక్కడ పెడతాను.

మూలమట్టం

కాగితంపడవ గారూ, ముందుగా ఒక మాట. దయచేసి కార్డు స్కాన్‌ను ఇక్కడ పెట్టవద్దు. ఈ సమస్య తేల్చడానికి బొమ్మ అవసరం లేదు, అంకెలు చాలు. ఆ రెండు ఫైళ్లూ ఎన్ని పిక్సెళ్ల వెడల్పు, ఎన్ని పిక్సెళ్ల ఎత్తు ఉన్నాయో చెప్పండి. అలాగే ప్రింటు తీసినప్పుడు తెరుచుకున్న పెట్టెలో `Fit` ఎంచుకుని ఉందో, `Actual size` ఎంచుకుని ఉందో కూడా చూసి రాయండి.

చుక్కలలెక్క

సైజు సమస్య నాకూ ఎన్నోసార్లు ఎదురైంది. పీడీఎఫ్‌ను కుదించే సాధనంలో వేసి, నాణ్యతను సగానికి తగ్గిస్తే రెండు వందల కేబీ లోపుకు వచ్చేస్తుంది. 300 డీపీఐ అవసరం కూడా లేదండీ, 150 పెట్టినా అక్షరాలు చదవగలిగేలానే ఉంటాయి.

కాగితంపడవ

చుక్కలలెక్క గారూ, మీరు చెబుతున్నది ఫైలు బరువు గురించి. నా ఇబ్బంది కాగితం మీద స్కేలు పెట్టి కొలిచే సైజు గురించి. శీర్షికలో నేను ఇంకా స్పష్టంగా రాసి ఉండవలసింది.

మూలమట్టం గారూ, చూశాను. ముందువైపు ఫైలు 1058 × 685 పిక్సెళ్లు, వెనకవైపు ఫైలు 1011 × 638 పిక్సెళ్లు ఉన్నాయి. ప్రింటు పెట్టెలో `Fit` ఎంచుకుని ఉంది. దాన్ని నేను ఎంచుకోలేదు, మొదటి నుంచీ అలాగే ఉంది.

నీలిసిరా

దీనికి ఇంత పరిశోధన అక్కరలేదు. ఫైలులో డీపీఐ 300 అని నమోదై ఉంటే కార్డు అసలు కొలతలోనే వస్తుంది. ఏదైనా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రిజల్యూషన్ దగ్గర 300 అని రాసి భద్రపరచండి. వర్డ్‌లో దాన్ని అలాగే చొప్పించండి, వెడల్పు టైపు చేయవద్దు. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను, ఎప్పుడూ తప్పలేదు.

మూలమట్టం

అంకెలతో చిక్కు విడిపోయింది. మీ స్కానరూ పాడవలేదు, ప్రింటరూ పాడవలేదు. రెండు వేర్వేరు కుదింపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని విడదీసి చూద్దాం.

బ్యాంకు కార్డు ఆకారంలో ఉండే గుర్తింపు కార్డుల కొలతను ఐఎస్ఓ 7810 ప్రమాణం 85.60 × 53.98 మిల్లీమీటర్లుగా నిర్ణయించింది. 300 డీపీఐ అంటే అంగుళానికి, అంటే 25.4 మిల్లీమీటర్లకు 300 చుక్కలు. మిల్లీమీటరుకు సుమారు 11.8 చుక్కలు పడతాయి. ఆ లెక్కన కార్డు ఒక్కటే, అంచులకు సరిగ్గా కత్తిరించి ఉంటే 1011 × 638 పిక్సెళ్లు రావాలి. మీ వెనకవైపు ఫైలు అచ్చంగా అంతే ఉంది. ముందువైపు ఫైలు మాత్రం 1058 పిక్సెళ్లు, అంటే 89.6 మిల్లీమీటర్లు ఉంది. ఎత్తు కూడా 58 మిల్లీమీటర్లు ఉంది. అంటే కార్డు చుట్టూ, ఒక్కో పక్కన సుమారు రెండు మిల్లీమీటర్ల తెల్లటి ఖాళీ ఆ ఫైలులో కలిసి ఉంది. మీ కార్డు ముందువైపు అంచులు తెల్లగా ఉండి ఉంటాయని, స్కానరు మూత కూడా తెల్లగా ఉండటంతో ఎక్కడ కార్డు ముగిసిందో తెలియక కత్తిరింపు కొంత బయటికి జరిగిందని నా ఊహ.

ఇప్పుడు మీరు 85.6 అని టైపు చేసినప్పుడు ఆ కొలత కార్డుకు అందలేదు, ఖాళీతో కలిపి మొత్తం బొమ్మకు అందింది. 89.6 మిల్లీమీటర్ల బొమ్మ 85.6కు కుదించుకుపోయింది కాబట్టి, లోపలి కార్డు కూడా అదే పాళ్లలో తగ్గి 81.8 మిల్లీమీటర్లు అయింది. ఇది మొదటి కుదింపు, ముందువైపుకు మాత్రమే తగిలినది.

రెండవది ప్రింటు పెట్టెలో జరిగింది, రెండు వైపులకూ సమానంగా తగిలింది. వెనకవైపు 85.6 రావలసింది 83 దాటి వచ్చింది, ఎత్తు 54 రావలసింది 52.5 వచ్చింది. రెండు దిశల్లోనూ పాళ్లు ఒకటే, సుమారు 97 శాతం. ముందువైపు 81.8ని కూడా అదే 97 శాతానికి తగ్గించి చూడండి, మీరు కొలిచిన 79.5 వస్తుంది.

కాబట్టి ఇక ముందు కూడా ఇలా గుర్తుపట్టవచ్చు. ముందువైపు, వెనకవైపు రెండూ ఒకే పాళ్లలో తగ్గితే ప్రింటు పెట్టెను అనుమానించాలి. ఒకదానికొకటి తేడాగా వస్తే కత్తిరింపును అనుమానించాలి. ఒకే బొమ్మలో వెడల్పు ఒక పాళ్లలో, ఎత్తు మరో పాళ్లలో తగ్గితే ఎవరో నిష్పత్తి తాళం తీసి బొమ్మను సాగదీశారన్నమాట.

నీలిసిరా

నేను చెప్పినదీ అదే కదా? వెడల్పు టైపు చేయకుండా ఉండి ఉంటే ముందువైపు సరిగ్గానే వచ్చేది.

మూలమట్టం

అవును నీలిసిరా గారూ, ఆ మేరకు మీ మాట నూటికి నూరు పాళ్లూ నిజం, ఆ మాట నేనే ముందు అనవలసింది. 1058 పిక్సెళ్ల బొమ్మను 300 డీపీఐ దగ్గర ఉన్నదున్నట్టు ఉంచితే అది పేజీ మీద 89.6 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది, దాని లోపలి కార్డు సరిగ్గా 85.6 ఉంటుంది. చుట్టూ ఖాళీ ఎంత ఉన్నా కార్డు కొలత మారదు. ఈ పద్ధతిలో కత్తిరింపు బాగా కుదరకపోయినా నష్టం లేదు.

అయితే "ఫైలులో 300 అని రాసి భద్రపరచండి" అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆ అంకె ఫైలు మీద అంటించిన చీటీ లాంటిది. స్కానరు నిజంగా అంగుళానికి 300 చుక్కలు తీసి, 300 అని చీటీ అంటిస్తే అది నిజమైన చీటీ. 600 దగ్గర స్కాన్ చేసిన బొమ్మకు మనం 300 అని చీటీ మారిస్తే కార్డు రెండింతలై కూర్చుంటుంది. ఫోనుతో తీసిన ఫొటోకు ఏ చీటీ అంటించినా అర్థం లేదు, ఎందుకంటే కెమెరా ఎంత దూరం నుంచి చూసిందో ఆ చీటీకి తెలియదు. పైగా సందేశాల యాప్‌ల గుండా పంపిన బొమ్మకు చాలాసార్లు ఆ చీటీ ఊడిపోతుంది, పిక్సెళ్లు కూడా తగ్గిపోతాయి. చీటీ లేని బొమ్మను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో విధంగా, 72 అనో 96 అనో ఊహించుకుని చొప్పిస్తుంది. 1011 పిక్సెళ్లను 96తో లెక్కిస్తే 267 మిల్లీమీటర్లు అవుతుంది, అది ఏ4 వెడల్పును దాటిపోతుంది కాబట్టి వర్డ్ దాన్ని పేజీ అంచులకు సరిపోయేలా తనంతట తానే కుదిస్తుంది. ఆ తరువాత తెర మీద కనిపించే కొలతకు కార్డుతో ఏ సంబంధమూ ఉండదు.

కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి, స్కానరు చెప్పిన డీపీఐని నమ్మి, వెడల్పును ముట్టుకోకుండా ఉండటం. రెండు, కార్డు అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించి, ఆ తరువాత వెడల్పును మిల్లీమీటర్లలో టైపు చేయడం. ఏ దారి పట్టినా కార్డు సరిగ్గానే వస్తుంది. వదులుగా కత్తిరించి వెడల్పును టైపు చేస్తేనే, అంటే రెండు దారులనూ కలిపితేనే, మీకు వచ్చిన ఫలితం వస్తుంది.

పలకబలపం

నాకు స్కానరు లేదు, ఫోనే ఆధారం. పత్రాలను స్కాన్ చేసే ఒక యాప్‌తో తీశాను, అది నాలుగు మూలలనూ తానే పట్టుకుని చదునుగా సరిచేసి ఇచ్చింది. ఫైలు 1840 × 1190 పిక్సెళ్లు ఉంది. 85.6, 53.98 రెండూ టైపు చేయబోతే ఒకటి మారిస్తే రెండవది తనంతట తానే మారిపోతోంది. నిష్పత్తి తాళం తీసేసి రెండూ బలవంతంగా ఇచ్చేశాను. ప్రింటులో కొలత సరిగ్గా ఉంది. ఇది సరిపోతుందా?

మూలమట్టం

పలకబలపం గారూ, బయటి కొలత సరిపోయింది కానీ లోపలి బొమ్మ సాగింది. కార్డు వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.586 రావాలి. మీ 1840ని 1190తో భాగిస్తే 1.546 మాత్రమే వస్తుంది. ఆ రెండున్నర శాతం తేడాను మీరు తాళం తీసి దాచేశారు, కాబట్టి కార్డు మీది ముఖం ఆ మేరకు అడ్డంగా వెడల్పై ఉంటుంది. కంటికి వెంటనే తెలియకపోవచ్చు, కానీ కార్డు మీద గుండ్రటి ముద్ర ఏదైనా ఉంటే దాన్ని అడ్డంగా, నిలువుగా కొలవండి, బయటపడుతుంది.

నిష్పత్తి తాళం మీకు అడ్డంకిగా కనిపించింది గానీ, నిజానికి ఆ తాళమే మీ తనిఖీ. 85.6 అని టైపు చేసి, ఎత్తు తనంతట తాను 54 దగ్గరికి వస్తే కత్తిరింపు సరిగ్గా ఉందని అర్థం. మీ ఫైలుతో అయితే 55.4 చూపి ఉంటుంది. అప్పుడు తాళం తీయకూడదు, వెనక్కి వెళ్లి మళ్లీ కత్తిరించాలి.

అంచుపట్టిక

ఫోనుతో తీసేవారికి నా అనుభవం కొంత పనికిరావచ్చు. యాప్ మూలలను పట్టుకునే చోటే తప్పు జరుగుతుంది. ఈ కార్డుల మూలలు గుండ్రంగా ఉంటాయి, ఆ వంపు సుమారు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. యాప్ చూపే నాలుగు చుక్కలనూ మనం సహజంగానే కార్డు మూల కంటికి కనిపించే చోట, అంటే ఆ వంపు మీద పెడతాం. అలా పెడితే చుక్క నుంచి చుక్కకు గీసిన గీత కార్డు అంచు మీద కాక లోపలి నుంచి పోతుంది, నాలుగు వైపులా కొంత కార్డు తెగిపోతుంది.

నేను చేసేదేమిటంటే, బొమ్మను బాగా పెద్దది చేసుకుని, పై అంచును, పక్క అంచును మనసులోనే తిన్నగా పొడిగించి, ఆ రెండు గీతలూ కలిసే చోట చుక్కను ఉంచుతాను. ఆ చోటు కార్డుకు బయట, ఖాళీ బల్ల మీద ఉంటుంది. చూడటానికి తప్పుగా కనిపిస్తుంది, కానీ అదే సరైన మూల. చుక్కలు సర్దాక, గీత నాలుగు అంచుల మధ్య భాగంలో కార్డును ఆనుకుని పోతోందా లేదా అని చూస్తాను. ఇంకొకటి, కార్డుకు మరీ దగ్గరగా వెళ్లి తీయడం కంటే కొంత ఎత్తు నుంచి, జూమ్ పెట్టి తీస్తే వాలు తక్కువగా పడుతుంది. యాప్ సరిచేయవలసింది తక్కువైతే నిష్పత్తిలో వచ్చే తప్పు కూడా తక్కువవుతుంది.

పలకబలపం

అంచుపట్టిక గారూ, మీరు చెప్పినట్టే మూలలను బయటికి జరిపి చూశాను. ఇప్పుడు 1872 × 1182 వచ్చింది, భాగిస్తే 1.584. తాళం వేసి ఉంచి 85.6 ఇస్తే ఎత్తు 54.05 చూపిస్తోంది. మొదటి ఫైలులో పేరు పక్కన ఉండే సన్నటి గీత ఒకటి కార్డు కుడి అంచు వద్ద తెగిపోయిందని, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే గమనించాను.

కాగితంపడవ

అందరికీ ధన్యవాదాలు. నేను ముందువైపును మళ్లీ స్కాన్ చేశాను. ఈసారి కార్డు వెనక నల్లటి కాగితం ఒకటి ఉంచి మూత వేశాను. తెల్లటి అంచు నల్లటి నేపథ్యం మీద గీత గీసినట్టు కనిపించింది, కత్తిరించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు 1012 × 638 వచ్చింది.

అయితే ప్రింటు పెట్టెలో `Actual size` ఎంచుకుంటే పేజీ అంచులు తెగిపోతాయేమోనని భయంగా ఉంది. `Fit` పెట్టింది అందుకే కదా?

మూలమట్టం

నల్ల కాగితం ఉంచడం మంచి పని.

ప్రింటర్లు సాధారణంగా కాగితం అంచుల దగ్గర కొన్ని మిల్లీమీటర్ల మేర సిరా వేయలేవు. పేజీలో ఉన్నదేదీ ఆ పట్టీలో పడి తెగిపోకుండా మొత్తం పేజీనే కొంచెం కుదించడం `Fit` చేసే పని. అంచు వరకూ రాత ఉన్న పేజీలకు అది మేలే. కానీ మీ పేజీలో ఉన్నవి మధ్యలో రెండు కార్డులు మాత్రమే. అంచుల దగ్గర తెల్లటి కాగితం తప్ప ఏమీ లేదు కాబట్టి తెగడానికీ ఏమీ లేదు. నిశ్చింతగా `Actual size` ఎంచుకోండి. కొన్ని చోట్ల అదే ఎంపిక 100% అని ఉంటుంది. ప్రింటరు సెట్టింగులలో అంచుల్లేని ముద్రణ ఎంచుకుని ఉంటే దాన్ని కూడా తీసేయండి, అది పేజీని కుదించడానికి బదులు కొంచెం పెంచుతుంది.

మరొక అనుమానం కూడా ఉంది. మీ వర్డ్ పత్రం నిజంగా ఏ4 కొలతలోనే ఉందా? లెటర్ కాగితం వెడల్పు 215.9 మిల్లీమీటర్లు, ఏ4 వెడల్పు 210. లెటర్ పేజీని ఏ4లో ఇమిడ్చితే 97.3 శాతం అవుతుంది, 85.6 కాస్తా 83.3 అవుతుంది. మీరు కొలిచిన "83 దాటి కొంచెం" దీనికీ సరిపోతుంది. మామూలు ప్రింటరు అంచుల వల్ల జరిగే కుదింపూ దాదాపు అంతే ఉంటుంది, కాబట్టి కేవలం స్కేలుతో ఈ రెండింటినీ విడదీయలేం. పేజీ సెట్టింగు తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

కాగితంపడవ

మీ అనుమానం నిజమే. పేజీ కొలత లెటర్ అని ఉంది, కొత్త పత్రం తెరిచినప్పటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. ఏ4కు మార్చాను.

తీగెమీదపిట్ట

ఇలాంటివి పదేపదే చేయవలసిన వారికి ఆదేశాల ద్వారా చేయడం సులువు. ఇమేజ్‌మేజిక్‌తో నేను వాడేది ఇది. రెండు స్కాన్‌లూ 300 డీపీఐ దగ్గర తీసినవై ఉండాలి.

```
magick -size 2480x3508 -units PixelsPerInch -density 300 xc:white \
  front.png -gravity north -geometry +0+700 -composite \
  back.png -geometry +0+1600 -composite page.pdf
```

2480 × 3508 అంటే 300 డీపీఐ దగ్గర ఏ4 కాగితం. ఖాళీ తెల్ల కాగితం మీద రెండు బొమ్మలనూ పిక్సెలుకు పిక్సెలుగా, అడ్డంగా మధ్యకు వచ్చేలా అతికిస్తుంది. ఎక్కడా పెంచడం, కుదించడం ఉండదు కాబట్టి ముందువైపు చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా కార్డు కొలత మారదు. మూలమట్టం గారు చెప్పిన మొదటి దారి ఇదే. పని అంతా మన కంప్యూటరులోనే జరుగుతుంది. గుర్తింపు కార్డును ఏదో ఒక వెబ్‌సైటుకు ఎక్కించి రెండు బొమ్మలను కలిపించుకోవడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు, మీరూ ఆ పని చేయవద్దని నా మనవి.

చుక్కలలెక్క

నేను మొదట ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నాను. అయినా ఒక సందేహం. ఇలా చేసిన పీడీఎఫ్ బరువు ఎక్కువైతే, తగ్గించినప్పుడు కార్డు కొలత కూడా మారిపోతుందా?

తీగెమీదపిట్ట

పీడీఎఫ్‌లో పేజీ కొలత పిక్సెళ్లలో కాక పాయింట్లలో వేరుగా నమోదై ఉంటుంది. కాబట్టి మామూలుగా కుదింపు సాధనాలు లోపలి బొమ్మలో చుక్కలను తగ్గిస్తాయి గానీ పేజీని, పేజీ మీద ఆ బొమ్మ ఆక్రమించే చోటును ముట్టుకోవు. కుదించాక పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్‌లో పేజీ వివరాలు తెరిచి 210 × 297 అని ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. అయితే పీడీఎఫ్‌ను బొమ్మగా మార్చి, చిన్నది చేసి, మళ్లీ పీడీఎఫ్ చేసే వారున్నారు. అలా చేస్తే డీపీఐ చీటీ మధ్యలో ఎక్కడో జారిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

పాతదస్తావేజు

నా కార్డు ఈ కొలతలో లేదు. కాగితం మీద అచ్చు వేసి, పైన ప్లాస్టిక్ పొర వేసి ఇచ్చినది. దానికీ 85.6 ఇచ్చి ప్రింటు తీస్తే చాలా చిన్నదిగా వచ్చింది.

మూలమట్టం

పాతదస్తావేజు గారూ, 85.6 అన్నది ఒక ప్రమాణంలోని ఒక్క కొలత మాత్రమే. అదే ప్రమాణంలో 105 × 74 మిల్లీమీటర్ల కార్డు కూడా ఉంది, పాస్‌పోర్టు పేజీకి 125 × 88 కొలత ఉంది. ప్లాస్టిక్ పొర వేసిన కార్డులు ఏ ప్రమాణానికీ లోబడకపోవచ్చు, చుట్టూ పొర అంచు వేరుగా ఉంటుంది కూడా. కాబట్టి ఎవరైనా ముందు తమ కార్డును స్కేలుతో కొలిచి, ఆ కొలతనే వాడాలి. లేదా స్కానరు దారిలో వెళ్లి, ఏ వెడల్పూ టైపు చేయకుండా ఉండాలి. మీ లాంటి కార్డుకు ఆ రెండవదే నయం, ఎందుకంటే పొర ఎక్కడ ముగిసిందో, కార్డు ఎక్కడ మొదలైందో మీరు తేల్చుకోవలసిన పనే ఉండదు.

కాగితంపడవ

ఇప్పుడే ప్రింటు తీశాను. అసలు కార్డును ముందువైపు బొమ్మ మీద ఉంచితే ఎడమ, కుడి అంచులు పూర్తిగా కప్పుకుపోయాయి. వెనకవైపూ అంతే. వెడల్పు రెండింటిలోనూ 85.6. కానీ ఎత్తు మాత్రం రెండింటిలోనూ 53.6 దగ్గర ఉంది, కార్డు కింది అంచు బొమ్మను సన్నటి దారమంత దాటి కనిపిస్తోంది. ఈ తేడా ఎక్కడిది?

మూలమట్టం

రెండు వైపులా ఒకేలా, నిలువుగా మాత్రమే ఉంది కాబట్టి ఈసారి కత్తిరింపు కాదు. స్కానరు లోపలి పట్టీ జరిగే వేగంలోనో, ప్రింటరు కాగితాన్ని లాక్కునే వేగంలోనో అతి కొద్దిపాటి తేడా ఉండి ఉంటుంది. ఎవరిదో తేల్చడానికి స్కానరుకు సంబంధం లేని పరీక్ష ఒకటి చేయండి. ఖాళీ ఏ4 పేజీలో నిలువుగా సరిగ్గా 200 మిల్లీమీటర్ల గీత గీసి, `Actual size`లో ప్రింటు తీసి కొలవండి. గీత తగ్గితే అది ప్రింటరు పని.

కాగితంపడవ

గీత 199 వచ్చింది. రెండుసార్లు తీశాను, రెండుసార్లూ అంతే.

నీలిసిరా

అయితే ప్రింటరు అర శాతం తక్కువ తీస్తోందన్నమాట. పత్రంలో ఎత్తును అర శాతం పెంచి ఇచ్చేయండి, సరిగ్గా 54 దగ్గరికి వస్తుంది.

మూలమట్టం

ఆ పని వద్దని నా అభిప్రాయం. ఈ ఫైలు వేరేచోటికి వెళుతోంది, అక్కడ వేరే ప్రింటరు మీద పడుతుంది. మీ ప్రింటరు లోపాన్ని ఫైలులోకి ఎక్కిస్తే, సరిగ్గా పనిచేసే ప్రింటరు మీద కార్డు ఎత్తుగా వస్తుంది. ఫైలులో ఎప్పుడూ అసలు కొలతే ఉండాలి. సవరణ చేయవలసి వస్తే అది ప్రింటరు సెట్టింగులలోనే ఉండాలి. పైగా అర శాతంతో 0.3 మిల్లీమీటర్ల లోటుకే లెక్క తేలుతుంది, మిగిలిన 0.1 స్కేలు చూడటంలో వచ్చినదో, స్కానరుదో చెప్పలేం.

నీలిసిరా

మీరన్నది పంపే ఫైలు విషయంలో నిజమే. కానీ కాగితమే ఇవ్వవలసి వచ్చినప్పుడు, చేతిలో ఉన్నది ఆ ఒక్క ప్రింటరే అయినప్పుడు, నేనైతే ఫైలుకు మరో ప్రతి తీసుకుని అందులో సవరించే ఇస్తాను. అన్ని ప్రింటర్ల సెట్టింగులలోనూ నిలువుకు వేరుగా శాతం ఇచ్చే వీలు ఉండదు కదా.

అంచుపట్టిక

అందుకునేవారి వద్ద కూడా `Fit` ఉండవచ్చన్న సంగతి మరిచిపోతున్నాం. నేను పంపే పేజీల్లో కార్డుల కింద సన్నటి గీత ఒకటి గీసి, "ఈ గీత ప్రింటులో సరిగ్గా 100 మిల్లీమీటర్లు ఉండాలి" అని రాస్తాను. 97 వచ్చిందంటే ఎక్కడ కుదించారో వారికే అర్థమవుతుంది. పీడీఎఫ్‌లో `PrintScaling` అనే అంశానికి `None` అని ఇచ్చి, ప్రింటు పెట్టె తెరుచుకున్నప్పుడే అసలు కొలత ఎంచుకుని ఉండేలా సూచించే వీలు కూడా ఉంది. కానీ అది సూచన మాత్రమే, పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్‌లన్నీ దాన్ని పాటించవు. గీత మాత్రం ఎక్కడైనా కనిపిస్తుంది.

కాగితంపడవ

ఎత్తును ముట్టుకోలేదు. కార్డుల కింద 100 మిల్లీమీటర్ల గీత గీసి, పక్కన ఆ వాక్యం రాసి, పీడీఎఫ్ ఇప్పుడే పంపాను. వారు ప్రింటు తీసి కొలిచాక ఎత్తు ఎంత వచ్చిందో అడిగి ఇక్కడ రాస్తాను. ఆ 0.1 ఎవరిదో అప్పుడైనా తెలుస్తుందేమో చూద్దాం.